కాన్వాస్ ఒకసారి 88 అంటుంది, ఇంకోసారి 56 అంటుంది: అసలు నేనెక్కడున్నాను?

ప్రశ్న: "అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్, ఎనిమిదో వారం. ఒక కోర్సులో మొత్తం పాయింట్లు వారం వారం పెరుగుతూనే ఉన్నాయి. సిలబస్ ప్రకారం హోంవర్కులు 8 (ఒక్కోటి 20), క్విజ్‌లు 10 (ఒక్కోటి 10), రెండు మిడ్‌టర్మ్‌లు వందేసి, ప్రాజెక్ట్ 150, ఫైనల్ 200. ఇవి కాక దాదాపు వారానికొకటి 5 పాయింట్ల క్లాస్ యాక్టివిటీ. ఇప్పటిదాకా హోంవర్కులు 96/100, క్విజ్‌లు 51/60, యాక్టివిటీలు 30/30 (ఒకటి మిస్ అయ్యాను, అది ఖాళీగా ఉంది), మిడ్‌టర్మ్ 78. నిన్నటిదాకా 93% చూపించిన మా గ్రేడ్ల వెబ్‌సైట్ కాన్వాస్, మిడ్‌టర్మ్ మార్కు పడగానే 88 అంది. ఒక బాక్స్‌లో టిక్ తీసేస్తే 56 అంటోంది. 90 దాటితే A. ఏది నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది."

మీరు 85 దగ్గర ఉన్నారు. 88 కాదు, 56 అసలే కాదు. A కి దారి మూసుకుపోలేదు, కానీ మిగిలిన పరీక్షల్లో కూడా 78 లాంటి మార్కులే వస్తే రాదు. B పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. నేను మొదట గ్రేడర్‌గా, తర్వాత టీఏగా చేసి, ఇప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాబట్టి ఈ గ్రేడ్ పేజీని స్టూడెంట్ వైపు నుంచీ చూశాను, మార్కులు వేసే వైపు నుంచీ చూశాను. 85 ఎలా వచ్చిందో వివరంగా చెబుతాను. పద్ధతి పట్టుబడితే ప్రతివారం మీరే లెక్క వేసుకోవచ్చు.

ముందు ఆ రెండు అంకెల సంగతి. కాన్వాస్ గ్రేడ్స్ పేజీలో `Calculate based only on graded assignments` అనే బాక్స్ మామూలుగా టిక్ పెట్టే ఉంటుంది. అలా ఉన్నంతసేపు మార్కు పడిన వాటినే లెక్కలోకి తీసుకుంటుంది. మీకు వచ్చినవి 255, మార్కు పడిన వాటి మొత్తం 290, అంటే 87.93%. మిడ్‌టర్మ్ పడకముందు 190 కి 177, అదే మీరు చూసిన 93. టిక్ తీసేస్తే, ఇంకా రాయనివాటికి కూడా సున్నా వేసి భాగిస్తుంది. అలాగని ఫైనల్ దాకా ఉన్నవన్నీ కలుపుతుందా అంటే అదీ కాదు. మీ ప్రొఫెసర్ ఇప్పటిదాకా కాన్వాస్‌లో సృష్టించి పబ్లిష్ చేసినవాటినే కలుపుతుంది. మీకు 56 వచ్చిందంటే అక్కడ సుమారు 455 పాయింట్ల సరుకు ఉందన్నమాట. బహుశా రాబోయే మూడు హోంవర్కులు, రెండో మిడ్‌టర్మ్ పెట్టేసి ఉంటారు, ప్రాజెక్ట్, ఫైనల్ ఇంకా పెట్టి ఉండరు. రేపు ప్రాజెక్ట్ పెట్టారంటే మీరు ఏమీ చేయకుండానే ఆ 56 కాస్తా 42 అవుతుంది. అందుకే ఆ అంకెను పట్టించుకోవద్దంటాను. నేను టీఏగా ఉన్నప్పుడు ఒకబ్బాయి ఈ టిక్ తీసేసి చూసుకుని, అర్ధరాత్రి "కోర్సు డ్రాప్ అవుతున్నాను" అని మెయిల్ పెట్టాడు. లెక్క తీస్తే అతను B+ లో హాయిగా ఉన్నాడు.

మనవాళ్లు దీని దగ్గర తడబడటానికి కారణం లేకపోలేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సబ్జెక్టుకు మొత్తం వంద అని మొదటి రోజే తెలుసు. ఇంటర్నల్స్ ఇన్ని, ఎక్స్‌టర్నల్ ఇన్ని అని ముందే తేలిపోయి ఉంటుంది. ఇంటర్నల్స్‌లో 24 వచ్చాయంటే అవి మన ఖాతాలో పడ్డట్టే, ఎవరూ తియ్యరు. ఇక్కడ కూడా వచ్చిన పాయింట్లను ఎవరూ తియ్యరు, నిజానికి మీ 177 కాస్తా 255 అయింది. కానీ తెర మీద పెద్దక్షరాల్లో కనబడేది శాతం కదా, అది దిగితే ఏదో చేజారినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పద్ధతి. శాతాన్ని పక్కనపెట్టి, ఇప్పటిదాకా పోయిన పాయింట్లు ఎన్నో రాసుకోండి. క్రికెట్ భాషలో చెప్పాలంటే శాతం అనేది రన్‌రేట్, ప్రతి ఓవర్‌కీ ఎక్కుతుంది, దిగుతుంది. పోయిన పాయింట్లు వికెట్లు, పడ్డవి పడ్డట్టే. మీకు హోంవర్కుల్లో 4, క్విజ్‌ల్లో 9, మిడ్‌టర్మ్‌లో 22 పోయాయి. మొత్తం 35.

ఖాళీగా ఉన్న ఆ యాక్టివిటీని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మార్కుల గడిలో అడ్డగీత ఉంటే కాన్వాస్ దాన్ని లెక్కలోకే తీసుకోదు. సెమిస్టర్ చివర్లో మేం గ్రేడ్లు ఖరారు చేసేటప్పుడు చేసే మొదటి పని, అలాంటి ఖాళీలన్నిటినీ సున్నాలతో నింపడం. కొందరు ప్రొఫెసర్లు గడువు దాటగానే సున్నా దానంతటదే పడేలా ముందే సెట్ చేస్తారు, కొందరు చివరిదాకా వదిలేస్తారు. మీవారు రెండో రకంలా ఉన్నారు. కాబట్టి ఇప్పుడే సున్నా వేసుకోండి. పోయినవి 40, మార్కు తేలిన మొత్తం 295. ఒకవేళ మీరు ఆరోజు రాలేకపోవడానికి తగిన కారణం ఉండి, ప్రొఫెసర్ ఒప్పుకుంటే ఆ గడిలో `EX` అని పడుతుంది. అప్పుడు ఆ ఐదూ మొత్తంలోంచే పోతాయి, మీకు నష్టం ఉండదు. ఖాళీ గడికీ `EX` ఉన్న గడికీ తేడా ఇదే. ఈరోజు శాతంలో ఆ రెంటికీ తేడా కనబడదు, డిసెంబరులో కనబడుతుంది.

తర్వాతి పని, కోర్సు ముగిసేనాటికి మొత్తం ఎంతవుతుందో అంచనా వేయడం. సిలబస్‌లో తేలిపోయినవి హోంవర్కులు 160, క్విజ్‌లు 100, మిడ్‌టర్మ్‌లు 200, ప్రాజెక్ట్ 150, ఫైనల్ 200. యాక్టివిటీలు ఇప్పటికి ఏడు అయ్యాయి, ఇంకో ఏడు ఉంటాయనుకుంటే 70. అంతా కలిపి 880. 90 శాతానికి A అంటే మీరు పోగొట్టుకోగలిగింది అందులో పదో వంతు, 88. ఇప్పటికే 40 పోయాయి కాబట్టి మీ దగ్గర ఇంకా 48 మిగిలాయి. రాబోయే 585 పాయింట్లలో 48 కంటే ఎక్కువ పోకూడదు. తిప్పి చెబితే, మిగిలిన దాంట్లో 91.8% తెచ్చుకోవాలి. B కి హద్దు 80 శాతం అనుకుంటే 176 దాకా పోగొట్టుకోవచ్చు, ఇంకా 136 మిగిలాయి.

ఇక్కడితో ఆగిపోతే "ఇప్పుడు 88 ఉంది, ఇంకో నాలుగు శాతం పెంచితే సరిపోతుంది" అనిపిస్తుంది. చాలామంది చేసే పొరపాటు అదే. తెర మీది 88, మిగిలిన సగం కూడా జరిగిపోయిన సగంలాగే ఉంటుందని అనుకుంటే వచ్చే అంకె. మీ కోర్సు అలా లేదు. మీకు ఇప్పటిదాకా తేలిన 295 లో పరీక్ష వాటా వందే, మూడో వంతు. మిగతాదంతా ఇంటి దగ్గర కూర్చుని చేసే హోంవర్కులు, చిన్న క్విజ్‌లు, హాజరైతే వచ్చే యాక్టివిటీలు. రాబోయే 585 లో రెండో మిడ్‌టర్మ్, ఫైనల్ కలిసి 300, అంటే సగం పైనే. మీకు తేలిగ్గా వచ్చే పాయింట్లు ముందు వచ్చేశాయి, కష్టమైనవి చివర్లో ఉన్నాయి. దాదాపు అన్ని కోర్సుల్లోనూ ఇదే వరస. పదో వారం దాకా 96% చూసుకుని నిశ్చింతగా ఉన్న అమ్మాయి ఒకామె నాకు బాగా గుర్తు. ఆమెకు అప్పటిదాకా అన్నీ హోంవర్కులే. ప్రాజెక్టూ ఫైనలూ కలిసి కోర్సులో సగం, రెండూ చివరి మూడు వారాల్లో. చివరికి B తో బయటపడింది. అప్పుడు కాన్వాస్ ఏమీ తప్పు చూపించలేదు, ఆమె అడగాల్సిన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

అందుకని మిగిలినదాన్ని రకాల వారీగా విడదీసి, ఏ రకంలో మీకెంత వస్తోందో ఆ లెక్కన అంచనా వేయండి. మీ విషయంలో ఇలా ఉంటుంది. హోంవర్కులు ఇంకా 60, మీరు 96 శాతం తెస్తున్నారు కాబట్టి 2.4 పోతాయి. క్విజ్‌లు 40, 85 శాతం లెక్కన 6 పోతాయి. యాక్టివిటీలకు వెళ్తే చాలు, పోయేదేమీ లేదు. ప్రాజెక్ట్‌కు మీ దగ్గర పాత లెక్క లేదు, 90 శాతం అనుకుందాం, 15 పోతాయి. పరీక్షలు 300, 78 శాతం చొప్పున 66 పోతాయి. అన్నీ కలిపి 89.4. పాత 40 తో చేరిస్తే 129.4. అంటే 880 కి 750.6, 85.3%. మొదట్లో చెప్పిన 85 ఇదే.

ఈ అంచనా వల్ల ఇంకో లాభం ఉంది. ఎక్కడ కష్టపడితే ఫలితం ఉంటుందో కూడా తెలుస్తుంది. A కి మిగిలిన 48 లో పరీక్షలు కాని వాటికే 23.4 అయిపోతున్నాయి. పరీక్షలకు మిగిలేది 24.6. మూడు వందల్లో ఇరవై నాలుగంటే రెండు పరీక్షల్లోనూ సగటున 92 రావాలి. 78 నుంచి 92 కి వెళ్లడం అసాధ్యమని నేననను, కానీ ఆ అంకె చూసి నిర్ణయించుకోవాలి. మీ యూనివర్సిటీలో ప్లస్ గ్రేడ్లు ఉండి, 87 కి B+ ఇస్తారనుకోండి, అప్పుడు 15 పాయింట్లు అదనంగా వస్తే చాలు, పరీక్షల్లో 83 సగటు. ఇది చేతికి అందేదే. ఇక B పోవాలంటే, మిగతావన్నీ ఇలాగే ఉండి, పరీక్షల సగటు 62 దాకా జారాలి. హోంవర్కులో పోతున్న ఆ రెండు పాయింట్ల కోసం శనివారం అంతా కూర్చోవడం కంటే, మొదటి మిడ్‌టర్మ్‌లో పోయిన 22 ఏ ప్రశ్నల్లో పోయాయో ఆఫీస్ అవర్స్‌లో అడగడం మేలని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇప్పుడు మీ ప్రశ్నలో అసలు చిక్కు, మొత్తం పెరుగుతూ పోవడం. నేను 880 అన్నాను, అది 850 కావచ్చు, 920 కావచ్చు. భయపడక్కర్లేదు. A కి 90 శాతం అన్నప్పుడు, కొత్తగా చేరే ప్రతి 10 పాయింట్లకూ మీ ఖాతాలో 1 పాయింటు జమ అవుతుంది. ఆ పదిలో మీరు ఒకటి కంటే తక్కువ పోగొట్టుకుంటే లాభం, ఎక్కువైతే నష్టం. ప్రొఫెసర్ ఇంకో రెండు హోంవర్కులు ఇచ్చారనుకోండి. మొత్తం 920, హద్దు 92, మీ దగ్గర ఉన్న 48 కాస్తా 52 అవుతుంది. ఆ 40 లో మీ లెక్క ప్రకారం 1.6 పోతాయి. నికరంగా 2.4 లాభం. అదే ఇంకో క్విజ్ పెడితే 1 జమ, 1.5 ఖర్చు, అర పాయింటు నష్టం. క్లాసులో అందరూ "మళ్లీ హోంవర్కా" అని విసుక్కుంటారు గానీ, మీలాంటి మార్కులున్నవాళ్లకు అది మిడ్‌టర్మ్ దెబ్బను పలచన చేసే మందు. B కి హద్దు 80 కాబట్టి అక్కడ ప్రతి పదికి రెండు జమ. అంటే పరీక్ష కాకుండా ఏది చేరినా B వైపు మీకు లాభమే.

మొత్తం ఎంతవుతుందో తెలియనప్పుడు నేను చేసేది, తక్కువ అంచనాతో ఒకసారి, ఎక్కువ అంచనాతో ఒకసారి వేసి చూడటం. మీకైతే రెంటిలోనూ 85, 86 దగ్గరే తేలుతుంది. అలా తేలితే ఆ అనిశ్చితి గురించి ఆలోచించడం మానేయవచ్చు. రెండు అంచనాలూ వేర్వేరు గ్రేడ్ల వైపు చూపిస్తే అప్పుడు ప్రొఫెసర్‌ను అడగండి. "నాకు A వస్తుందా" అని అడిగితే ఎవరూ చెప్పరు. "ఇకపై ఏయే పాయింట్లు ఇంకా చేరతాయి, ఫైనల్ తర్వాత మొత్తం సుమారు ఎంత" అని అడగండి, చాలామంది చెబుతారు.

ఇదంతా చేతితో చేయక్కర్లేదు. గూగుల్ షీట్‌లో A కాలమ్‌లో పేరు, B లో ఎన్నింటికి, C లో వచ్చినవి పెట్టండి. సిలబస్‌లో ఉన్నవన్నీ, ఇంకా రాయనివి కూడా ఇప్పుడే ఎక్కించండి, వాటి C ఖాళీగా ఉంచండి. మిస్ అయినవాటికి మాత్రం 0 వేయాలి.

```
D2:  =IF(C2="","",B2-C2)
F1:  =0.1*SUM(B2:B60)-SUM(D2:D60)
```

D2 ని కింది దాకా లాగండి. F1 లో వచ్చేదే A కోసం మీ దగ్గర మిగిలిన పాయింట్లు. అది సున్నా కంటే కిందికి పోయిన రోజున A అయిపోయినట్టు (ఎక్స్‌ట్రా క్రెడిట్ గానీ, తేలిక పాయింట్లు గానీ వస్తే తప్ప). B కోసం 0.1 బదులు 0.2 పెట్టుకోండి. కాన్వాస్‌లోనే మార్కు గడి మీద నొక్కి ఊహించిన మార్కు వేసి చూసే `What-If` సౌకర్యం ఉంది, కానీ ప్రొఫెసర్ ఇంకా పెట్టని ఫైనల్‌కు అందులో గడే ఉండదు. మీలాంటి పెరిగే కోర్సులో అందుకే అది సగం సాయమే.

షీట్ కాన్వాస్‌తో కలవకపోతే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మార్కు గడిలో గీత కొట్టిన కన్ను బొమ్మ ఉంటే, మార్కు ఇంకా విడుదల చేయలేదని అర్థం, అది మొత్తంలో కలవదు. ఎక్స్‌ట్రా క్రెడిట్‌ను సాధారణంగా సున్నా పాయింట్ల అసైన్‌మెంట్‌గా పెడతారు. 10/0 అని కనబడుతుంది, వింతగా ఉన్నా తప్పు కాదు. షీట్‌లో B కి 0, C కి 10 వేస్తే D లో మైనస్ 10 వచ్చి, పోయినవాటిలోంచి పది తగ్గుతుంది. సెమిస్టర్ మొదట్లో ఇలాంటివి వస్తే శాతం ఆకాశానికి వెళ్తుంది, తర్వాత మొత్తం పెరిగేకొద్దీ దిగుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువగా నేను చూసిన తకరారు హాజరుది. కాన్వాస్‌లో `Roll Call Attendance` అనే పనిముట్టు వాడి హాజరు వేస్తే, అది తనంతట తానే 100 పాయింట్ల అసైన్‌మెంట్ ఒకటి సృష్టించుకుంటుంది. శాతాల వాటాలతో నడిచే కోర్సులో అది పెద్ద విషయం కాకపోవచ్చు. మీలాంటి పాయింట్ల కోర్సులో అది ఒక మిడ్‌టర్మ్‌తో సమానం! సిలబస్‌లో హాజరుకు పాయింట్లు లేకుండా మీ పేజీలో ఆ వరస కనబడితే, ప్రొఫెసర్‌కు మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. చాలాసార్లు వాళ్లకే తెలిసి ఉండదు.

ఒక హద్దు చెప్పాలి. ఈ లెక్కంతా పాయింట్లన్నీ ఒకే కుండలో పడే కోర్సుకే. సిలబస్‌లో "హోంవర్క్ 20%, పరీక్షలు 50%" అని వాటాలుంటే ఐదు పాయింట్ల హోంవర్కు, ఇరవై పాయింట్ల క్విజ్ కంటే బరువు కావచ్చు, అప్పుడు పోయిన పాయింట్లను నేరుగా కూడకూడదు. ఏ వాటాలో ఎంత శాతం పోయిందో విడిగా తీసి, ఆ వాటాతో గుణించాలి. అలాగే చివర్లో కర్వ్ చేసే, అంటే క్లాసు మార్కులను బట్టి గ్రేడ్ల హద్దులు మార్చే ప్రొఫెసరైతే 90 అనే గీతకే అర్థం లేదు. కాన్వాస్‌లో ఆ పరీక్ష వివరాలు తెరిస్తే, ప్రొఫెసర్ దాచకపోతే క్లాసు సగటు, ఎక్కువ, తక్కువ కనబడతాయి. 78 కి క్లాసు సగటు 64 అయితే అది వేరే కథ. మీరు 90 దాటితే A అన్నారు కాబట్టి నేను గీత కదలదనే అనుకున్నాను.

ఎనిమిదో వారం అన్నారు కాబట్టి చివరగా ఒక్క మాట. చాలా చోట్ల W తో కోర్సు వదులుకునే గడువు దాదాపు ఈ రోజుల్లోనే వస్తుంది. మీ అంకెలతో అయితే వదలాల్సిన అవసరం కనబడటం లేదు. పోస్ట్ గ్రాడ్యుయేట్లు సాధారణంగా 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలి, B వస్తే ఆ కోర్సు వరకు 3.0 దగ్గరే ఉంటారు. అయినా రెండో మిడ్‌టర్మ్ ఆ గడువుకు ముందే ఉంటే, దాని మార్కు వచ్చాక F1 గడి B లెక్కతో ఒకసారి చూడండి. మిగిలినవి 40, 50 కి పడిపోతే అప్పుడు ఆలోచించాలి. మీరు ఎఫ్-1 వీసా మీద ఉండి, కోర్సు వదిలితే ఫుల్ టైమ్ క్రెడిట్ల కంటే తగ్గేలా ఉంటే, పోర్టల్‌లో డ్రాప్ బటన్ నొక్కకముందే డీఎస్ఓ, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి అనుమతి తీసుకోవాలి. నొక్కేశాక వెళ్లి చెబితే స్టేటస్ చిక్కుల్లో పడుతుంది.